నేమ్‌సర్వర్లు మార్చి 30 గంటలైంది, ల్యాప్‌టాప్‌లో కొత్త సైట్ ఫోన్‌లో పాత సైట్, ఎందుకిలా?

నీలిమేఘం
సోమవారం పొద్దున 9కి నా సైట్‌ని పాత హోస్టింగ్ నుంచి కొత్తదానికి మార్చాను. తొందరపడి చేసింది కాదు, ఆదివారమే పాత ప్యానెల్‌లోకి వెళ్ళి ఎ రికార్డ్ టీటీఎల్ 300కి తగ్గించి పెట్టుకున్నాను, 300 సెకన్లంటే ఐదు నిమిషాలే కాబట్టి మార్చిన ఐదు నిమిషాల్లో అందరికీ కొత్త అడ్రస్ అందిపోతుంది అనుకున్నా. తర్వాత డొమైన్ కొన్నచోట నేమ్‌సర్వర్లు కొత్త హోస్ట్‌వి పెట్టేశాను. ఇప్పుడు మంగళవారం మధ్యాహ్నం 3. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో కొత్త సైట్ వస్తోంది, ఫోన్‌లో మొబైల్ డేటా మీద ఇంకా పాతదే. కాంటాక్ట్ ఫామ్ నింపేవాళ్ళలో సగంమంది మెసేజ్‌లు పాత సైట్‌లో పడుతున్నాయి, రెండు చోట్లా వెతుక్కోవాల్సి వస్తోంది. ఐదు నిమిషాలు కాస్తా 30 గంటలు ఎలా అయ్యాయి?

అసలు పేర్లు ఇక్కడ రాయను. డొమైన్ example.com అనుకోండి, పాత సర్వర్ 192.0.2.10, కొత్తది 203.0.113.20.

రమణ77
ఇది మామూలే, ప్రాపగేషన్ అంటారు. కొత్త అడ్రస్ ప్రపంచంలో ఉన్న డీఎన్ఎస్ సర్వర్లన్నిటికీ పాకాలి కదా, 24 నుంచి 48 గంటలు పడుతుంది. ఈలోపు ఫోన్‌లో బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేసి చూడండి.

నీలిమేఘం
క్యాష్ తీసేశా, ఫోన్ రీస్టార్ట్ కూడా చేశా. అదే ఫోన్‌ని ఇంటి వైఫైకి కలిపితే కొత్త సైట్ వస్తోంది, మొబైల్ డేటాకి మారగానే పాతది. కాబట్టి ఫోన్ తప్పు కాదు.

పాతకాపు
వైఫై, మొబైల్ డేటా మార్చి చూడటం మంచి పని చేశారు, సగం సంగతి దాంతోనే తేలిపోయింది. రమణ గారు చెప్పిన 48 గంటల లెక్క దాదాపు సరైందే, కానీ "పాకడం" అనే మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. కొత్త అడ్రస్‌ని ఎవరూ ఎవరికీ పంపరు. ఎవరైనా వచ్చి అడిగితేనే చెప్తారు, అడిగినవాడు ఆ జవాబుని కొంతసేపు దాచుకుంటాడు, ఆ కొంతసేపు అయ్యేదాకా మళ్ళీ అడగడు. మీ గొడవంతా ఆ దాచుకోవడంలోనే ఉంది.

మీ ఫోన్ example.com ఎక్కడ అని మొబైల్ కంపెనీ రిజాల్వర్‌ని అడుగుతుంది, ఫోన్ పని అంతటితో సరి. తిరగాల్సింది ఆ రిజాల్వరే. దాని దగ్గర ముందే దాచుకున్నవి ఏమీ లేవనుకోండి, ముందు రూట్ సర్వర్ దగ్గరికి వెళ్తుంది. రూట్‌కి మీ సైట్ గురించి ఏమీ తెలీదు, "నాకు తెలీదు, కానీ డాట్ కామ్ సంగతి చూసేవాళ్ళు వీళ్ళు" అని డాట్ కామ్ సర్వర్ల పేర్లు ఇస్తుంది. డాట్ కామ్ వాళ్ళకీ మీ ఐపీ తెలీదు, "example.com సంగతి చూసే నేమ్‌సర్వర్లు ఇవి" అని మీరు డొమైన్ కొన్నచోట రాసిన పేర్లు ఇస్తారు. రిజాల్వర్ అక్కడికి వెళ్ళి అడిగితే అప్పుడు దొరుకుతుంది 203.0.113.20.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ దారిలో వచ్చిన ప్రతి జవాబుకీ, దాన్ని ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పే టీటీఎల్ దానికే విడిగా ఉంటుంది. మీరు 300 చేసింది చిట్టచివరి జవాబుకి మాత్రమే. డాట్ కామ్ ఇచ్చే "నేమ్‌సర్వర్లు ఇవి" అనే జవాబు టీటీఎల్ 172800, అంటే సరిగ్గా రెండు రోజులు. అది మీ చేతిలో లేదు, పాత హోస్ట్ చేతిలో లేదు, కొత్త హోస్ట్ చేతిలోనూ లేదు. సోమవారం మీరు మార్చింది ఏదో ఆలోచించండి.

నీలిమేఘం
నేమ్‌సర్వర్లు. అయ్యో. నేను తగ్గించింది ఒకటి, మార్చింది ఇంకోటి.

పాతకాపు
అదే. మొబైల్ రిజాల్వర్‌కి మీ పాత నేమ్‌సర్వర్ ఇంకా గుర్తుంది. ఐదు నిమిషాలకోసారి బుద్ధిగా దాని దగ్గరికే వెళ్ళి అడుగుతోంది, అదీ పాపం తన దగ్గరున్న 192.0.2.10నే ఐదు నిమిషాలకోసారి ఇస్తోంది. మీ 300 పనిచేస్తూనే ఉంది, అడగాల్సిన మనిషి మారాడని రిజాల్వర్‌కి తెలీలేదంతే.

కొత్తఅక్షరం
మధ్యలో వస్తున్నా ఏమనుకోకండి, చదువుకుంటున్నా. రూట్ సర్వర్లు ప్రపంచం మొత్తానికి 13 అని మా క్లాసులో చెప్పారు. నేను ఒక్క సైట్ తెరిచిన ప్రతిసారీ ఆ 13లో ఒకదాని దగ్గరికి వెళ్ళాలంటే అవి ఎలా తట్టుకుంటున్నాయి?

సుబ్బు_నెట్‌వర్క్
13 అనేది పేర్ల లెక్క, a.root-servers.net నుంచి m.root-servers.net దాకా. ఒక్కో పేరు వెనకాల చాలా చోట్ల మెషీన్లు ఉంటాయి, ఒకే ఐపీని అన్నీ ప్రకటిస్తాయి, నీకు దగ్గర్లో ఉన్నది జవాబిస్తుంది. అయినా నీ ప్రశ్నలు దాదాపు ఏవీ రూట్ దాకా వెళ్ళవు తమ్ముడూ. డాట్ కామ్ సర్వర్లు ఎవరో రిజాల్వర్‌కి ఎప్పుడో తెలుసు, ఆ జవాబు కూడా రెండు రోజులు దాచుకుంటుంది. ఆ రెండు రోజుల్లో లక్షమంది డాట్ కామ్ సైట్లు అడిగినా రూట్‌తో పనిలేదు.

కొత్తఅక్షరం
ఓకే. ఇంకొక్కటి. డాట్ కామ్ వాళ్ళు నేమ్‌సర్వర్ *పేరు* ఇస్తారు అన్నారు కదా, ఐపీ కాదు. మరి ఆ పేరుకి అడ్రస్ కావాలంటే మళ్ళీ మొదట్నుంచి తిరగాలా? example.com నేమ్‌సర్వర్ పేరు ns1.example.com అయితే దాని అడ్రస్ తెలుసుకోడానికి example.com దగ్గరికి వెళ్ళాలి, example.com దగ్గరికి వెళ్ళాలంటే దాని అడ్రస్ కావాలి...

పాతకాపు
బాగా పట్టావు. ఆ ముడి విప్పడానికే డాట్ కామ్ వాళ్ళు అలాంటి పేరుతో పాటు దాని ఐపీ కూడా జతచేసి ఇస్తారు, గ్లూ అంటారు దాన్ని. నేమ్‌సర్వర్ పేరు వేరే డొమైన్‌లో ఉంటే మాత్రం నువ్వన్నట్టే ఇంకో తిరుగుడు విడిగా నడుస్తుంది, అది పూర్తయ్యాక మొదటిది ముందుకి కదులుతుంది. మేడమ్ కేసు ఈ రెండోదే, హోస్ట్ వాళ్ళ డొమైన్‌లో ఉన్న నేమ్‌సర్వర్లు కదా.

జున్నుముక్క
నాదీ ఇదే సమస్య!! బ్లాగ్ కోసం కొత్త సబ్‌డొమైన్ పెట్టా, అందరికీ తెరుచుకుంటోంది నా ఒక్కదానికే "సైట్ దొరకలేదు" అని వస్తోంది. నేను కూడా రెండు రోజులు ఆగాలా?

సుబ్బు_నెట్‌వర్క్
మీది వేరు. మీకు పాతది రావట్లేదు, అసలు లేదంటోంది. రికార్డ్ పెట్టకముందే ఆ పేరు ఒకసారి తెరిచి చూశారా?

జున్నుముక్క
అవును, ఖాళీగా ఉందో లేదో చూద్దామని టైప్ చేశా. తర్వాత ఒక పది నిమిషాలకి రికార్డ్ పెట్టా.

సుబ్బు_నెట్‌వర్క్
అదే జరిగింది. "లేదు" అనేది కూడా ఒక జవాబే, రిజాల్వర్ దాన్నీ దాచుకుంటుంది. ఎంతసేపు అనేది మీ జోన్‌లో, అంటే మీ డొమైన్ రికార్డ్‌లన్నీ ఉండే చోట, ఎస్ఓఏ రికార్డ్ చివరి అంకె చెప్తుంది (ఎస్ఓఏకి ఉన్న టీటీఎల్ అంతకన్నా చిన్నదైతే అది). దీన్ని చూడండి:

```
dig yourdomain.example SOA +short
```

జున్నుముక్క
చివర 3600 ఉంది. అంటే గంట. చూసి ఇప్పటికి 50 నిమిషాలైంది... ఆగుతా.

జున్నుముక్క
వచ్చేసింది!! ఇక మీదట రికార్డ్ పెట్టకుండా పేరు టైప్ చేయను.

తెరచాప
నీలిమేఘం గారూ, అందరూ అనుకోవడమే కానీ ఎవరూ చూడలేదు. ల్యాప్‌టాప్‌ని ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి ఈ రెండూ కొట్టి ఏమొచ్చిందో పెట్టండి.

```
dig +trace example.com A
dig example.com NS
```

నీలిమేఘం
మొదటిది చాలా పొడుగ్గా వచ్చింది, ఒక్కో మెట్టుకి ఒక్క లైన్ ఉంచి మిగతావి తీసేశా:

```
.             401337  IN  NS  a.root-servers.net.
com.          172800  IN  NS  a.gtld-servers.net.
example.com.  172800  IN  NS  ns1.new-host.example.
example.com.  300     IN  A   203.0.113.20
```

రెండోది:

```
example.com.  61840   IN  NS  ns1.old-host.example.
```

ఒకే నెట్‌వర్క్, ఒకే నిమిషం, ఒకటి కొత్తది చెప్తోంది ఒకటి పాతది చెప్తోంది!

తెరచాప
అనుకున్నదే. +trace పెడితే డిగ్ తనే స్వయంగా రూట్ నుంచి మెట్టుమెట్టుకీ వెళ్ళి అడుగుతుంది, మొబైల్ రిజాల్వర్ దాచుకున్నదాన్ని పట్టించుకోదు. అంటే డాట్ కామ్ దగ్గర మీ మార్పు ఎక్కింది, కొత్త హోస్ట్ సరైన ఐపీ ఇస్తోంది. మీ వైపు ఏ తప్పూ లేదని ఆ నాలుగు లైన్లతో తేలింది. రెండోది రిజాల్వర్‌ని అడిగింది, దాని జ్ఞాపకం అది.

కొత్తఅక్షరం
మిగతావన్నీ గుండ్రంగా ఉన్నాయి, మొదటి లైన్‌లో 401337 ఏంటి?

తెరచాప
ఆ ఒక్క లైన్ మాత్రం రిజాల్వర్‌ని అడిగి తెస్తుంది, ఎక్కడో మొదలుపెట్టాలి కదా. రూట్ లిస్ట్ టీటీఎల్ 518400, ఆరు రోజులు. అందులో తరిగిపోగా మిగిలింది 401337. గుండ్రటి అంకె కనిపిస్తే మూలం నుంచి ఇప్పుడే వచ్చిన జవాబు, విడ్డూరమైన అంకె కనిపిస్తే ఎవరి దగ్గరో నిలవున్న జవాబు, నేను అలా గుర్తుపెట్టుకుంటా. ఇంకొకసారి కొట్టి చూడు, తగ్గుతుంది.

రమణ77
అయితే నేను చెప్పిందే కదా, ఆగాలి. 61840 సెకన్లంటే 17 గంటల 10 నిమిషాలు. 172800లోంచి తీసేస్తే రిజాల్వర్ దీన్ని దాచుకుని 30 గంటల 49 నిమిషాలైంది, అంటే సోమవారం పొద్దున 8:10 ప్రాంతంలో. మీరు 9కి మార్చారు, దానికి 50 నిమిషాల ముందే పాతది పట్టుకెళ్ళింది. బుధవారం పొద్దున 8:10కి పోతుంది. లెక్క సరిపోయింది.

పాతకాపు
రమణ గారూ లెక్క చక్కగా వేశారు, కానీ 172800లోంచి తీసెయ్యాలని ఎలా నిర్ణయించారు? నేమ్‌సర్వర్ల లిస్ట్ రెండు చోట్ల ఉంటుంది. ఒకటి డాట్ కామ్ దగ్గర, రెండోది ఆ నేమ్‌సర్వర్ తన జోన్‌లోనే రాసుకున్నది, "నా డొమైన్‌కి నేమ్‌సర్వర్ నేనే" అని. ఈ రెండో కాపీకి టీటీఎల్ వేరేగా ఉండొచ్చు, పైగా రిజాల్వర్ ఎక్కువగా దీన్నే నమ్ముతుంది, ఇది స్వయంగా చెప్పింది అది పైవాడు చెప్పింది కాబట్టి. మేడమ్, పాత సర్వర్‌నే నేరుగా అడగండి:

```
dig @ns1.old-host.example example.com NS
```

నీలిమేఘం
```
example.com.  86400   IN  NS  ns1.old-host.example.
```
86400. పాత సర్వర్ ఇంకా నేనే అంటోంది.

పాతకాపు
చూశారా, గుండ్రటి అంకె, మూలం నుంచి. ఇప్పుడు 86400లోంచి 61840 తీసేస్తే 24560, అంటే 6 గంటల 49 నిమిషాలు. రిజాల్వర్ ఆ జవాబు తీసుకున్నది సోమవారం 8:10కి కాదు, *ఈరోజు* మంగళవారం 8:10కి. మీరు మార్చిన 23 గంటల తర్వాత.

అందుకే నాకు గుబులుగా ఉంది. పాత హోస్ట్ మీ జోన్‌ని తీసెయ్యలేదు, ఎవరడిగినా జవాబిస్తోంది, జవాబుతో పాటు "నేమ్‌సర్వర్ని నేనే" అన్నది కూడా తగిలించి పంపుతోంది. అది చూసిన ప్రతిసారీ గడియారం మళ్ళీ మొదటికి తిప్పుకునే రిజాల్వర్లు కొన్ని ఉన్నాయి. అలాంటిది డాట్ కామ్ దగ్గరికి తిరిగి వెళ్ళదు, 48 గంటలు దాటినా వదలదు. పాత హోస్ట్ జోన్ తీసేసేదాకా దానికి పాతదే లోకం.

సుబ్బు_నెట్‌వర్క్
దీంతో నేను ఏకీభవించను. 8:10కి తీసుకుందన్నది నిజమే, కానీ గడియారం తిప్పుకుందనడానికి అది రుజువు కాదు. డాట్ కామ్ ఇచ్చిన 172800 జవాబు లోపల విడిగా ఉండి, ఈరోజు 8:10కి ఎవరో ఎన్ఎస్ రికార్డ్ అడిగితే దాన్ని పట్టుకుని పాత సర్వర్ దగ్గరికి వెళ్ళి 86400 తెచ్చుకుని ఉండొచ్చు. అప్పుడు డాట్ కామ్ గడువు అయిపోగానే పైనుంచి మళ్ళీ మొదలవుతుంది. ఇప్పటి రిజాల్వర్ సాఫ్ట్‌వేర్ అంత మొండిగా ఉండదు, గడువు పైవాడు ఇచ్చినదాన్ని మించనివ్వకుండా కట్టడి చేశారు.

పాతకాపు
ఇప్పటి సాఫ్ట్‌వేర్ అయితే అవును. అక్కడ ఏది నడుస్తోందో మనకి తెలీదు కదా సుబ్బూ.

సుబ్బు_నెట్‌వర్క్
అదీ నిజమే. బుధవారం 9 దాటాక మళ్ళీ అదే కమాండ్ కొడితే కొంత తెలుస్తుంది.

నీలిమేఘం
మీ ఇద్దరి మాటా అర్థమైంది, కానీ బుధవారం దాకా మెసేజ్‌లు పాత సైట్‌లో పడుతూ ఉండాలా? మొబైల్ కంపెనీకి ఫోన్ చేసి క్యాష్ తీసెయ్యమంటే తీస్తారా?

తెరచాప
తియ్యరు. కొన్ని పబ్లిక్ రిజాల్వర్లకి, 8.8.8.8, 1.1.1.1 లాంటివాటికి, ఒక పేరు క్యాష్ తీయించుకునే పేజీ ఉంది, అది వాడేవాళ్ళకి పనికొస్తుంది. మిగతావాళ్ళ రిజాల్వర్ మీద మనకి చేయి లేదు.

పాతకాపు
పాత హోస్టింగ్ ప్యానెల్‌లోకి ఇంకా వెళ్ళగలరా?

నీలిమేఘం
వెళ్ళగలను, అకౌంట్ నెలాఖరు దాకా ఉంది.

పాతకాపు
అయితే ఇంకేం. రిజాల్వర్ పాత నేమ్‌సర్వర్‌ని అడగడం మనం ఆపలేం. అడిగినప్పుడు పాత నేమ్‌సర్వర్ ఏం చెప్పాలో మాత్రం మీ చేతిలోనే ఉంది. పాత ప్యానెల్‌లో డీఎన్ఎస్ జోన్ తెరిచి example.com ఎ రికార్డ్‌ని 203.0.113.20కి మార్చండి. పాతాయన్ని అడిగినా కొత్తాయన్ని అడిగినా ఒకే అడ్రస్ వస్తుంది. ఆదివారం మీరు పెట్టిన 300 ఇప్పుడు అక్కరకొస్తుంది.

నీలిమేఘం
3:50కి మార్చా. చూస్తున్నా.

నీలిమేఘం
3:56కి ఫోన్‌లో కొత్త సైట్!!! మొబైల్ డేటా మీదే! ఇంత చిన్న పని కోసం నిన్నట్నుంచి తల పట్టుకుని కూర్చున్నా. పాతకాపు గారూ మీకు చాలా చాలా థాంక్స్.

తపాలాబంట్రోతు
సంతోషపడే ముందు ఒక్క మాట. ఆ డొమైన్ మీద ఈమెయిల్ ఉందా?

నీలిమేఘం
ఉంది, మెయిల్ వేరే కంపెనీ దగ్గర, దాన్ని నేను కదపలేదు. ఎందుకు?

తపాలాబంట్రోతు
నేమ్‌సర్వర్ మార్చినప్పుడు మారేది సైట్ ఒక్కటే కాదు, జోన్ మొత్తం. మీరు కదపకపోయినా ఎంఎక్స్ రికార్డ్ కొత్త జోన్‌లో రాసి లేకపోతే కొత్త నేమ్‌సర్వర్‌ని అడిగినవాళ్ళకి మీ మెయిల్ ఎక్కడికి పంపాలో తెలీదు. చూడండి:

```
dig @ns1.new-host.example example.com MX +short
```

నీలిమేఘం
ఏమీ రాలేదు. ఖాళీ. సోమవారం నుంచి వచ్చిన మెయిళ్ళు పోయినట్టేనా??

తపాలాబంట్రోతు
కంగారుపడకండి, పోయి ఉండకపోవచ్చు. ఎంఎక్స్ లేకపోతే పంపే సర్వర్ ఎ రికార్డ్‌లో ఉన్న ఐపీకే ఇవ్వడానికి ప్రయత్నిస్తుంది, అంటే మీ కొత్త వెబ్ సర్వర్‌కి. అక్కడ మెయిల్ తీసుకునేవాళ్ళు ఎవరూ లేక తలుపు మూసి ఉంటే, పంపేవాళ్ళ సర్వర్ ఆ మెయిల్‌ని క్యూలో పెట్టుకుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది, మామూలుగా నాలుగైదు రోజులు. ఇప్పుడు ఎంఎక్స్ పెట్టేస్తే అవి వచ్చేస్తాయి. ప్రమాదం ఎక్కడంటే కొత్త హోస్టింగ్‌లో మెయిల్ సర్వీస్ ఆన్‌లో ఉండి "ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు" అని తిప్పి కొట్టి ఉంటే, అవి పంపినవాళ్ళకి వెనక్కి పోయి ఉంటాయి. పాత జోన్ తెరిచి పక్కన పెట్టుకుని ఒక్కొక్క రికార్డ్ కొత్తదాంట్లోకి రాయండి, ఎంఎక్స్, టీఎక్స్‌టీ అన్నీ.

నీలిమేఘం
రాసేశా. ఎంఎక్స్ రెండు, టీఎక్స్‌టీ మూడు ఉన్నాయి. సాయంత్రానికి 11 మెయిళ్ళు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి, సోమవారం మధ్యాహ్నం పంపినవి కూడా. ఒకావిడ మాత్రం తన మెయిల్ వెనక్కి వచ్చిందని ఫోన్ చేసి చెప్పింది, ఎందుకో అర్థం కాలేదు.

తపాలాబంట్రోతు
వెనక్కి వచ్చిన మెయిల్‌లో ఒక అంకె ఉంటుంది, అది అడిగి చెప్పండి. 550 ఉంటే తిప్పి కొట్టినట్టు. ఒక్కరికే ఎందుకయిందో అది చూడకుండా చెప్పలేం.

నీలిమేఘం
ఆవిడ అది డిలీట్ చేసేసిందట.

ఇంకో విషయం, నా స్నేహితురాలు ఆఫీసు నుంచి చూస్తే ఇంకా పాత సైటే వస్తోందట. మార్చి 40 నిమిషాలు దాటింది. ఈ ఆఫీసు రిజాల్వర్ మొండిదా?

తెరచాప
ఆవిడ ఏం టైప్ చేస్తున్నారు, example.com ఆ, www.example.com ఆ?

నీలిమేఘం
www తోనే. తేడా ఏముంది, రెండూ ఒకటే కదా.

తెరచాప
మనకి ఒకటే, డీఎన్ఎస్‌కి రెండు వేరు పేర్లు. కొన్ని జోన్లలో www అనేది "example.com ఎక్కడుంటే నేనూ అక్కడే" అని సీనేమ్‌గా ఉంటుంది, అప్పుడు ఒకటి మారిస్తే చాలు. కొన్నిట్లో దానికి విడిగా ఎ రికార్డ్ ఉంటుంది. పాత జోన్‌లో www లైన్ చూడండి.

నీలిమేఘం
విడిగా ఉంది! 192.0.2.10, టీటీఎల్ 14400. ఆదివారం నేను దీన్ని తగ్గించనేలేదు, అసలు ఉందని కూడా గమనించలేదు. ఇప్పుడే మార్చా, 4:30.

తెరచాప
14400 అంటే నాలుగు గంటలు. 4:29కి ఎవరైనా తీసుకుని ఉంటే వాళ్ళకి 8:29 దాకా పాతదే. ఇప్పుడు 300 పెట్టినా ఇప్పటికే తీసుకెళ్ళినవాళ్ళకి అది వర్తించదు, వాళ్ళు తీసుకున్నప్పుడు చెప్పిన గడువే వాళ్ళది.

కొత్తఅక్షరం
అందుకేనా మార్చడానికి ముందురోజే టీటీఎల్ తగ్గించాలంటారు? ఇప్పటిదాకా అదేదో ఆచారం అనుకున్నా.

తెరచాప
అందుకే. పాత టీటీఎల్ ఎంతుందో కనీసం అంతసేపటి ముందు తగ్గించాలి. 14400 ఉన్నదాన్ని పది నిమిషాల ముందు తగ్గిస్తే ఉపయోగం లేదు.

రమణ77
ఒక ప్రశ్న. రికార్డ్‌ల టీటీఎల్ తగ్గించొచ్చు, డాట్ కామ్ 172800 తగ్గించలేం. మరి నేమ్‌సర్వర్ మార్చాల్సి వస్తే ఈ రెండు రోజుల గందరగోళం తప్పదా? నేను ఇప్పటిదాకా చేసిన మూడుసార్లూ రాత్రి మార్చేసి పడుకునేవాణ్ణి.

పాతకాపు
రెండు రోజులు తప్పవు, గందరగోళం తప్పించొచ్చు. సైట్ మార్చడం, నేమ్‌సర్వర్ మార్చడం రెండూ ఒకే రోజు చేయకండి. ముందు పాత జోన్‌ని ఉన్నది ఉన్నట్టు కొత్త నేమ్‌సర్వర్‌లోకి ఎక్కించండి, *పాత ఐపీతోనే*. ఎంఎక్స్‌తో సహా ప్రతి లైన్ రెండు చోట్లా ఒకేలా ఉందో లేదో రెండు సర్వర్లనీ నేరుగా అడిగి సరిచూసుకోండి. అప్పుడు డొమైన్ దగ్గర నేమ్‌సర్వర్ మార్చండి. ఆ రెండు రోజులూ కొందరు పాతాయన్ని అడుగుతారు, కొందరు కొత్తాయన్ని అడుగుతారు, ఇద్దరూ ఒకటే చెప్తారు కాబట్టి ఎవరికీ తేడా తెలీదు. రెండున్నర రోజులు గడిచాక ఎ రికార్డ్ మార్చండి. అప్పుడు ఆ 300 మీరు అనుకున్నట్టే ఐదు నిమిషాల్లో పనిచేస్తుంది.

అప్పటికీ పాత జోన్‌లో కూడా అదే మార్పు చేసి ఉంచండి. మొండి రిజాల్వర్ల సంగతి నేను మర్చిపోను.

సుబ్బు_నెట్‌వర్క్
ఈ పద్ధతికి నా ఓటు. మొండి రిజాల్వర్ల మాటకి మాత్రం ఇంకా ఇవ్వను.

నీలిమేఘం
బుధవారం 11 గంటలకి రాస్తున్నా. స్నేహితురాలి ఆఫీసులో నిన్న రాత్రి 7 ప్రాంతంలో www కూడా కొత్తదైపోయిందట. ఇప్పుడు హాట్‌స్పాట్‌లో మళ్ళీ చూశా:

```
example.com.  79210   IN  NS  ns1.new-host.example.
```

కొత్తదే వచ్చింది.

సుబ్బు_నెట్‌వర్క్
వదిలేసింది చూశారా. డాట్ కామ్ గడువుకి తలవంచింది.

పాతకాపు
తొందరపడకు. కొత్త జోన్‌లో ఆ లైన్ టీటీఎల్ ఎంతో కావాలి. 86400 అయితే 7190 సెకన్ల కింద తీసుకుంది, అంటే దాదాపు 9 గంటలకి, డాట్ కామ్ గడువు ముగిసే వేళకి, నీ మాట నిలబడుతుంది. 172800 అయితే నిన్న పొద్దున 9కే కొత్తది తీసుకుని ఉండాలి, మరి నిన్న మధ్యాహ్నం పాతది ఎలా చూపించింది?

నీలిమేఘం
కొత్త సర్వర్‌ని అడిగా, 86400 అంటోంది.

సుబ్బు_నెట్‌వర్క్
😀

పాతకాపు
ఈ ఒక్క రిజాల్వర్ విషయంలో నీ మాటే ఎక్కువ సరిపోతోంది, ఒప్పుకుంటా. అయినా మొబైల్ కంపెనీ దగ్గర ఒకే పేరు వెనకాల చాలా రిజాల్వర్లు ఉంటాయి, నిన్న జవాబిచ్చిందీ ఇవాళ జవాబిచ్చిందీ ఒకటేనని చెప్పలేం. మేడమ్, పాత అకౌంట్ నెలాఖరు దాకా ఉందన్నారు కదా, అందాకా ఆ జోన్ తీసెయ్యకండి. పాత సర్వర్ లాగ్‌లో ఇంకా ఎవరైనా వస్తున్నారేమో రోజూ ఒకసారి చూడండి.

నీలిమేఘం
ఇప్పుడే చూశా, పొద్దున్నుంచి ముగ్గురు వచ్చారు. ఇద్దరు సెర్చ్ ఇంజిన్ బాట్లు, ఒకరు మామూలు బ్రౌజర్. రెండు జోన్లూ మార్చాక కూడా ఆ బ్రౌజర్ పాత ఐపీకి ఎలా వచ్చిందో మరి. రేపు మళ్ళీ చూసి పెడతా.